‘ఒకవేళ’ అనడం గునాహా?

మొన్న మా పన్నెండేళ్ళ అబ్బాయి ఒక సవాల్ అడిగాడు. ‘‘అబ్బా, ‘ఒకవేళ’ అనకూడదంట కదా, అంటే షైతాన్ వస్తాడంట కదా. మరి చాచా ఎందుకన్నాడు?’’ వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ మాట వాడి చాచా అనలేదు. నేను అన్నాను. నా తర్జుమాలో వచ్చి పడిన మాట అది.

అసలు వాకియా ఇది. పోయిన ఏడాది పుంగనూరులో మా అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యారు. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. పరేషాన్ అవుతాడని తబియత్ సంగతి రెండు రోజులు వాడికి చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైంది, జనాజాకు అందుకోలేకపోయాడు. ఆ రాత్రి ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘‘కాష్, మేరేకు పైలే మాలూం రహతా తో ఆజాతా థా.’’

అబ్బాజాన్ పాత దోస్త్, పక్క దుకాణం పెద్దాయన, ఆ రాత్రంతా మాతోనే కూర్చున్నారు. ఆయనకు మన జబాన్ రాదు. ‘‘ఏమంటా ఉండాడు నాయనా చిన్నోడు?’’ అని అడిగారు. నేను చెప్పాను: ‘‘ఒకవేళ తనకు ముందే తెలిసి ఉన్నట్లయితే తాను వచ్చి ఉండేవాడినని అంటున్నాడు.’’

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘‘అంటే, మీరు చెప్పలేదని కోపంగా ఉండాడా?’’ అన్నారు. నాకేం చెప్పాలో తోచక మెసేజ్ మళ్ళీ పెట్టి వినిపించాను. గొంతు వినగానే ఆయన తల అడ్డంగా ఊపారు. ‘‘కోపం కాదు నాయనా. నాకు తెలీకపాయెనే అని ఏడస్తా ఉండాడు.’’

ఉర్దూ ఒక్క ముక్క రాని మనిషి ‘కాష్’ను నాకంటే సరిగ్గా తెలుగులోకి తెచ్చారు. నేనెక్కడ తప్పానో చాలా రోజులు ఆలోచించాను.

తెలుగులో జరగని సంగతి చెప్పేటప్పుడు ఆ భారం ‘అయితే’ మీదా ‘ఒకవేళ’ మీదా ఉండదు. వాక్యం చివరి క్రియ మీద ఉంటుంది. ‘నువ్వు చెప్పకపోతే నాకు తెలియదు’ అంటే ఇంకా చెప్పే వీలుంది. ‘నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు’ అంటే నువ్వు చెప్పేశావు, నాకు తెలిసిపోయింది. మొదటి సగం రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా చివర్లోనే ఉంది. ఉర్దూలోనూ ఇంతే. ‘అగర్’ తీసేసి ‘మాలూం హోతా తో ఆతా’ అన్నా మతలబ్ పోదు, ‘హోతా’, ‘ఆతా’ చాలు.

ఇక్కడొక చిక్కుంది. ‘పిలిస్తే వచ్చేవాణ్ణి’ అంటే ‘అప్పట్లో పిలిచినప్పుడల్లా వచ్చేవాణ్ణి’ అని కూడా అర్థం. పిలవలేదు కాబట్టి రాలేదని స్పష్టంగా చెప్పాలంటే ‘పిలిచుంటే వచ్చేవాణ్ణి’ అనాలి. మన చిత్తూరు వైపు ‘పిలిచింటే’ అంటాం. ఆ ‘ఉంటే’ ఒక్కటీ చేరితే అవకాశం దాటిపోయిందని వినేవాడికి తెలిసిపోతుంది. మొదట్లో ‘ఒకవేళ’, మధ్యలో ‘ఉన్నట్లయితే’ పెట్టాల్సిన పని లేదు. అవి పెడితే ఏడుపు కాస్తా వాంగ్మూలం అవుతుంది. పెద్దాయనకు నా మాటలో కోపం వినిపించింది అందుకే.

ఇక ‘కాష్’ సంగతి. దానికి సరిపోయే ఒక్క మాట తెలుగులో లేదు, వెతకడం వృథా. ఏ రకం తమన్నా అన్నదాన్ని బట్టి తెలుగు వాక్యం మారుతుంది. ఇప్పటి కోరికైతే ‘అబ్బాజాన్ ఇప్పుడుంటే ఎంత బాగుండు’ అంటాం. దాటిపోయినదైతే ‘ఆ రోజు వాడు ఇక్కడుండుంటే ఎంత బాగుండేది’ అంటాం. ‘తెలిసుంటేనా!’ అని దీర్ఘం తీసి ఆపేయడం కూడా ఉంది కానీ, అందులో ‘వాడి సంగతి చూసేవాణ్ణి’ అనే బెదిరింపు తొంగి చూస్తుంది, మౌత్ జరిగిన ఇంట్లో అది పనికిరాదు. గుండె మండినప్పుడు తెలుగువాళ్ళు షరతు వాక్యం జోలికే పోరు. జరగనిదాన్ని జరగలేదనే చెప్పి చివర ‘నే’ చేరుస్తారు: తెలీకపాయెనే, చూసుకోలేకపోతినే. పెద్దాయన చేసింది అదే. తమ్ముడి మాటలో రెండో సగం పోకూడదనుకుంటే దాని పక్కనే ఇంకో చిన్న వాక్యం చాలు: ‘‘నాకు తెలీకపాయెనే. తెలిసుంటే వచ్చేవాణ్ణి కదా.’’

ఇప్పుడు మా వాడి సవాల్‌కు వస్తాను. వాడు ఆదివారం దీనియాత్ క్లాసుకు వెళ్తాడు. అక్కడిచ్చిన తెలుగు కాగితంలో సహీహ్ ముస్లింలోని ఒక మషహూర్ హదీసు తర్జుమా ఉంది. ముసీబత్ వచ్చినప్పుడు, ఇలా చేసుంటే అలా జరిగేది అనకండి, అల్లాహ్ తఖ్దీర్‌లో రాసింది జరిగిందనండి, ‘లౌ’ అన్న మాట షైతాన్ పనికి తలుపు తీస్తుందని దాని సారాంశం. ఆ ‘లౌ’ దగ్గర తర్జుమా చేసినవారు ‘ఒకవేళ’ అని రాశారు.

అరబీలో ముందు జరగబోయే షరతుకు ‘ఇన్’, ‘ఇజా’ ఉన్నాయి. జరగనిదానికి ‘లౌ’ ఉంది. తమన్నాకు ‘లైత’ ఉంది. ఉర్దూలో మొదటి రెండు రకాలూ ‘అగర్’లో కలిసిపోయాయి. ఆ ‘అగర్’ను చూసి తెలుగులో ‘ఒకవేళ’ అని రాస్తే హదీసు మతలబే తిరగబడుతుంది. ‘ఒకవేళ వానొస్తే గొడుగు తీసుకుపో’ అనడం ఎహతియాత్, అందులో గునా ఏముంది? మా వాడు పాపం కొన్ని వారాలుగా ‘ఒకవేళ బస్సు రాకపోతే’ అనడానికి కూడా భయపడుతున్నాడు. ఆ హదీసు మాట్లాడేది జరిగిపోయినదాన్ని పట్టుకుని తఖ్దీర్‌తో గొడవపడటం గురించి. కాబట్టి తెలుగులో రాయాల్సింది ఇలా: ‘‘‘అలా చేసుంటే ఇలా అయ్యేది కాదు’ అనుకుంటూ కూర్చోవడం షైతాన్‌కు తలుపు తీస్తుంది.’’ ‘లౌ’కు ఒక మాట వెతక్కూడదు, పూర్తి వాక్యం పెట్టాలి. పన్నెండేళ్ళ పిల్లాడికి కూడా అప్పుడు తెలుస్తుంది.

అలాగని ప్రతి ‘చేసుంటే’ గునా కాదు. ఇమామ్ బుఖారీ తన సహీహ్‌లో తమన్నాల మీద ఒక కితాబే పెట్టారు, అందులో ‘లౌ’ ఎక్కడ జాయెజ్ అన్నదానికి ఒక బాబ్ ఉంది. హజ్జతుల్ విదాలో ఖుర్బానీ జంతువులు తెచ్చుకోని సహాబాను ఉమ్రా చేసి ఎహ్రామ్ విప్పమన్నప్పుడు వారు సంకోచించారు. అప్పుడు ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం, ఈ సంగతి ముందే తెలిసుంటే నేనూ జంతువులు తెచ్చేవాణ్ణి కాదన్న అర్థంలో చెప్పారు. అది ‘లౌ’నే. కానీ అందులో తఖ్దీర్ మీద షికాయత్ లేదు, సహాబాకు దిల్‌జోయీ ఉంది.

ఇదంతా మా వాడికి కూర్చోబెట్టి చెప్పాను. ‘‘మరి చాచా అన్నది ఏ రకం?’’ అన్నాడు. ‘‘చాచా అల్లాహ్‌తో గొడవపడలేదు బేటా. దాదాను కడసారి చూసుకోలేకపోతినే అని ఏడ్చాడు. నేనే దాన్ని తప్పుగా చెప్పాను’’ అన్నాను.

దీనీ కాగితాలు తెలుగులో రాసే భాయీలకూ ఆపాలకూ నా గుజారిష్ ఒక్కటే. ‘లౌ’, ‘అగర్’, ‘కాష్’ కనబడగానే కలం ‘ఒకవేళ’ దగ్గరికి పరిగెత్తకుండా ఆపండి. ఆ సంగతి జరగబోయేదా, జరగకుండా పోయిందా అని ముందు చూసుకుని, క్రియను అక్కడి నుంచి కట్టండి. తర్వాత ఉర్దూ రాని ఒక పెద్దమనిషికి వినిపించండి. ‘‘కోపంగా ఉండాడా?’’ అని ఆయన అడిగితే మళ్ళీ రాయండి.