చౌక టికెట్ లెక్క

మదనపల్లె మార్కెట్లో టమాటా కొనే కంపెనీ ఉద్యోగి ఢిల్లీ వెళ్లాలంటే ముందు బెంగళూరు లాంటి చోట ఉన్న విమానాశ్రయానికి రోడ్డు మీద వెళ్లాలి. వేలం ఆలస్యమైతే ప్రయాణం మారిపోతుంది. అయినా చాలా కంపెనీల్లో అన్నింటికన్నా చౌక టికెట్‌కే ఆమోదం. చౌక టికెట్ 5,500, తేదీ ఉచితంగా మార్చుకునేది 6,700, చౌకదాని మార్పు రుసుము 3,000 అనుకుందాం. ఛార్జీ తేడా రెండింటికీ కట్టాల్సిందే. పది ప్రయాణాల్లో నాలుగు మారితే ఖర్చు సమానం, అయిదు మారితే చౌకదే నష్టం. పైగా మేనేజరు సంతకం వచ్చేలోపు ధర పెరగొచ్చు. అందుకే తరచూ తిరిగేవారి పాత మార్పులు లెక్కగట్టి, ఒక ధర పరిమితికి ముందే ఆమోదం ఇవ్వండి. ఆ పరిమితి దాటినప్పుడే సంతకం అడగండి.