నిజం చెప్పడానికి ముందు కాగితాలు

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 377వ సెక్షన్ పరిధి నుంచి వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలను తొలగించింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ను ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ప్రణయ్ దంపతులు మేజర్లు, వారి వివాహం చట్టబద్ధం. అయినా అమ్మాయి తండ్రి కిరాయి హంతకుణ్ణి పంపించాడు. ఆ కేసులో తీర్పు 2025 మార్చిలో గాని రాలేదు. చట్టం భార్యాభర్తలని గుర్తించినవారి గతే అది. చట్టం కేవలం నేరస్థులు కారని మాత్రమే చెప్పి వదిలేసిన జంట తమ సంగతి ఇంట్లో చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, ఎవరికి ముందు చెప్పాలి అని ఆలోచిస్తున్నప్పుడు దాన్ని పిరికితనమనడం అన్యాయం.

'బయటపడటం' గురించి మన టెలివిజన్ చర్చలు ధైర్యం, దాపరికం అనే రెండు మాటల మధ్యే తిరుగుతాయి. నగరాల్లో జరిగే ప్రైడ్ యాత్రల నినాదాలదీ ఇంచుమించు ఆ ధోరణే. నా దృష్టిలో ఇది ధైర్యానికి సంబంధించిన ప్రశ్న కంటే ముందు అధికారానికి సంబంధించిన ప్రశ్న. ఒక మనిషి స్పృహ తప్పితే ఎవరు సంతకం పెట్టాలి, కనబడకపోతే ఎవరి ఫిర్యాదుకు స్టేషన్ వెంటనే కదులుతుంది, చనిపోతే ఆస్తి ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలకు మన వ్యవస్థ దగ్గర ఉన్న సమాధానాలు రెండే: రక్త సంబంధం, వివాహ సంబంధం. రెండోది స్వలింగ జంటలకు లేదని 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పిటిషనర్లలో ప్రధానమైన జంట హైదరాబాద్ వారే. వివాహం ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. పౌర బంధంగా అయినా గుర్తించాలన్నవారు ఇద్దరే. కాబట్టి మిగిలింది రక్త సంబంధం. అంటే, ఈ జంట ఎవరికి భయపడి నిజం దాస్తున్నదో, చట్టం మీట వారి చేతికే ఇచ్చింది.

ఆ మీట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని ఆమె తండ్రి నర్సీపట్నంలోని తన ఇంట్లో నిర్బంధించాడన్నది ఆరోపణ. భాగస్వామి మొదట పోలీసులకే ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆ యువతి జాడ కనుక్కున్నారు. తాను మేజర్‌నని, భాగస్వామితోనే ఉంటానని ఆమె చెప్పినా కొన్నాళ్లు సంక్షేమ గృహంలో ఉంచారు. తరువాత ఆమె విజయవాడ తిరిగి వచ్చింది. తండ్రి మళ్లీ వచ్చి బలవంతంగా తీసుకుపోయాడు. చివరికి ధర్మాసనం ఆమెను తన ముందుకు పిలిపించి, ఆమె ఇష్టాన్ని నేరుగా విని, భాగస్వామితో వెళ్లేందుకు అనుమతించింది. తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. తీర్పు మంచిదే. అయితే ఆ తీర్పు గుమ్మం దాకా చేరడానికి ఒక మేజర్ ఎన్ని చేతులు మారవలసి వచ్చిందో గమనించండి.

ఇలాంటి పిటిషన్లను ఎలా విచారించాలో అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు కేరళకు చెందిన దేవు నాయర్ కేసులో మార్గదర్శకాలిచ్చింది. నిర్బంధంలో ఉన్నారంటున్న వ్యక్తితో న్యాయమూర్తి విడిగా, కుటుంబం లేనిచోట మాట్లాడాలి. పిటిషనర్‌కు ఆ వ్యక్తితో ఉన్న సంబంధాన్ని తవ్వుతూ కాలయాపన చేయకూడదు. లైంగికతను మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగ్‌కు పంపకూడదు. ఒక చిత్రమైన విషయం, ఆ కేసులో యువతి తాను తల్లిదండ్రుల దగ్గరే ఇష్టపూర్వకంగా ఉన్నానని న్యాయాధికారికి చెప్పింది, కోర్టు ఆ మాటను అంగీకరించి పిటిషన్ కొట్టేసింది. అయినా మార్గదర్శకాలు అవసరమనుకుంది. కోర్టు తేల్చేది ఆ రోజు ఆ గదిలో ఆ వ్యక్తి చెప్పిన మాటను బట్టే. ఆ మాట స్వేచ్ఛగా రావాలంటే, నిర్బంధానికి ముందే ఆమె మనసు ఎక్కడో కాగితం మీద నమోదై ఉండాలి.

ఇక్కడ నాకు కొన్నేళ్లుగా తెలిసిన ఒక జంట సంగతి చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇద్దరూ ముప్పై అటూఇటూ వయసు మహిళలు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఐదేళ్లుగా ఒకే ఇల్లు. ఊళ్లలో వారిని 'రూమ్మేట్లు' అనే అనుకుంటారు. పెద్దామెకు తల్లి ఒక్కతే, మెత్తని మనిషి. చిన్నామె తండ్రి ఊళ్లో పలుకుబడి గలవాడు, స్టేషన్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టే రకం. కులాలు వేరు. పెద్దామె, తల్లికి వయసు మీద పడుతోంది, ఈ ఏడే చెప్పేస్తానంది. చిన్నామె ఇప్పుడే వద్దంది. దీనిపై ఇద్దరూ నెలల తరబడి వాదించుకున్నారు. చిక్కు ఏమిటంటే, ఒకరు చెప్పే నిజంలో రెండోవారి నిజం కూడా ఉంటుంది. పెద్దామె తల్లి చెల్లెలితో అంటే, చెల్లెలు వియ్యపురాలితో అంటే, వారంలో అది చిన్నామె తండ్రి చెవిన పడుతుంది. అందుకే ఎవరికి ఎక్కువ ప్రమాదమో వారి గడియారం ప్రకారమే ఇద్దరూ నడవాలని చివరికి ఒప్పుకున్నారు. న్యాయమైన ఒప్పందమే, కాని దాని భారం మోసినది పెద్దామె.

ఆ తరువాత ఎనిమిది నెలలు వారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చిన్నామె సిమ్ కార్డు తండ్రి పేరుతో ఉంది, కళాశాల రోజుల్లో తెరిచిన బ్యాంకు ఖాతా ఓటీపీలు తండ్రి ఫోనుకే వెళ్లేవి. రెండూ మార్చుకుంది. పదో తరగతి మెమో, డిగ్రీ అసలు పత్రాలు ఇంట్లో బీరువాలో ఉండేవి. ఆఫీసులో తనిఖీ ఉందని చెప్పి దసరాకు తెచ్చుకుంది. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ చేర్పించారు. ఇద్దరు సాక్షులతో చెరొక వీలునామా రాశారు. తాను మేజర్‌నని, ఇక్కడ ఇష్టపూర్వకంగా ఉంటున్నానని, ఈ చిరునామా నుంచి కనిపించకపోతే అది నా ఇష్టం కాదని చిన్నామె రాసి, తేదీ వేసి సంతకం చేసిన కాగితం ఒక న్యాయవాది దగ్గర, ఒక స్నేహితురాలి దగ్గర ఉంచారు. హెబియస్ కార్పస్ వేయడానికి భాగస్వామి చాలు, స్నేహితురాలైనా చాలు. వారి చేతిలో ఆ కాగితం ఉంటే మొదటి రోజు విచారణ వేరుగా నడుస్తుంది.

చాలామందికి తెలియని మరో కాగితం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం మేజరైన ఎవరైనా తెల్లకాగితం మీద సంతకంతో తన నామినేటెడ్ ప్రతినిధిని నియమించుకోవచ్చు. నియమించుకోకపోతే ఆ స్థానం బంధువుకు వెళుతుంది. రోగి సమ్మతి లేని చేరికకు, అంటే నిపుణుల పరీక్ష తరువాత ముప్పై రోజుల దాకా ఉంచగలిగే చేరికకు, దరఖాస్తు చేయగలిగేది ఆ ప్రతినిధే. కూతురి ప్రేమను జబ్బు అనుకునే తండ్రి చేతిలో ఆ అధికారం ఉండటం, భాగస్వామి చేతిలో ఉండటం ఒకటి కాదు. లైంగికతను మార్చే 'చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ రాష్ట్ర మండళ్లకు తెలియజేసింది. అయినా చేసేవారు చేస్తూనే ఉన్నారు. ఆ తెల్లకాగితం వారిని ఆపకపోవచ్చు, కాని గేటు దగ్గర ఒక ప్రశ్నకు అవకాశమిస్తుంది.

కాగితాలయ్యాక మనుషుల వంతు. మొదటి మనిషి చిన్నామె అక్క, బెంగళూరులో కాపురం. నేరుగా చెప్పలేదు. ముందు ఉద్యోగం మారాలనుకుంటున్నానని, ఇంట్లో అనవద్దని చెప్పి నెల రోజులు చూసింది. ఆ మాట ఊరు చేరలేదు. అప్పుడు బెంగళూరు వెళ్లి, అక్క ఇంట్లో కాక బయట ఒక పార్కులో, సాయంత్రం తిరుగు రైలు టిక్కెట్టు చేతిలో ఉంచుకుని చెప్పింది. స్వలింగం అన్న మాట వాడలేదట. "నేను తనతోనే ఉంటానక్కా, పెళ్లి చేసుకోను," అందట. అక్క చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "అమ్మకు నేను చెప్పనా?" అని అడిగింది. వద్దంది. ఇంకొకరి నోట వెళ్లిన ఈ వార్త ఇంటికి ఫిర్యాదుగా చేరుతుంది, కబురుగా కాదు.

నిజాయితీ మాటేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. తల్లిదండ్రులకు చెప్పకపోవడం మోసమని నేను అనుకోను. తమ జీవితంపై అంత అధికారం ఉన్నవారికి సమాచారం ఎప్పుడివ్వాలో నిర్ణయించుకునే హక్కు పెద్దలైన పిల్లలకుంది. గీత వేరేచోట ఉంది. సంక్రాంతికి వచ్చిన సంబంధానికి 'చూద్దాంలే' అని తలూపి పెళ్లిచూపుల్లో కూర్చుంటే, ఏ పాపం తెలియని ఒక వరుణ్ణి ఆ అబద్ధంలోకి లాగినట్టే. మన సమాజంలో ఇలాంటి పెళ్లిళ్లు లెక్కలేనన్ని జరిగాయి, ఇద్దరి బతుకులూ అందులో కాలిపోయాయి. అందుకే చిన్నామె ఇంట్లో చెప్పిన మొదటి నిజం "నాకు పెళ్లి వద్దు" అన్నది మాత్రమే. కారణం చెప్పలేదు. గొడవైంది, రెండు నెలలు తండ్రి మాట్లాడలేదు. అయినా ఆ మాట అబద్ధం కాదు, మిగతా నిజానికి అది అడ్డూ రాదు.

ఆ గొడవలోనే ఒక రోజు ఫోను వచ్చింది: అమ్మకు బాగాలేదు, వెంటనే బయలుదేరు. నిర్బంధాల కథలు చాలావరకు ఈ వాక్యంతోనే మొదలవుతాయి. ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని చిన్నామె అడిగింది. అక్కతో పక్కింటివారికి ఫోను చేయించింది. తల్లికి నిజంగానే రక్తపోటు పెరిగింది. వెళ్లింది, కాని ఒంటరిగా కాదు. ఒక సహోద్యోగిని వెంట తీసుకుని, మర్నాటి సాయంత్రానికి తిరిగి వస్తానని న్యాయవాదికి చెప్పి వెళ్లింది. మంచంలో ఉన్న తల్లిని అనుమానించవలసి వచ్చినందుకు ఆ రాత్రి ఎంత ఏడ్చిందో తరువాత పెద్దామె నాకు చెప్పింది. జాగ్రత్తకు ఉండే ఈ ధర ఏ మార్గదర్శకాల్లోనూ కనబడదు.

సుప్రియో విచారణలో ప్రభుత్వం ఇచ్చిన హామీ మేరకు 2024 ఏప్రిల్‌లో క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ఆ ఏడాదే స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్రం స్పష్టం చేసింది. రేషన్ కార్డులోనూ ఒకే కుటుంబంగా చూడాలని చెప్పింది. అన్నీ అవసరమైనవే. కాని తండ్రి వచ్చి కారెక్కించినప్పుడు ఉమ్మడి ఖాతా అడ్డం నిలబడదు. మేజర్ తన ఇష్టం చెప్పాక సంక్షేమ గృహానికి పంపకూడదన్న ఒక్క ఉత్తర్వు ప్రతి స్టేషన్‌కూ చేరడం, కుల దురహంకార హింస నుంచి జంటలను కాపాడేందుకు 2018 మార్చిలో శక్తి వాహిని తీర్పు సూచించిన రక్షణ గృహాల తలుపులు ఈ జంటలకూ తెరవడం, ఈ రెండూ రాష్ట్రాలు చేయగలిగినవి. వీటికి పార్లమెంటు అక్కర్లేదు.

పెద్దామె తన తల్లికి మొన్న ఉగాదికి చెప్పింది, చిన్నామె ఒప్పుకున్నాకే. ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పిల్ల వాళ్ల నాన్నకు తెలుసా?" తెలియదనగానే లేచి వెళ్లి వీధి తలుపు గడియ వేసిందట.