గొంతులో ముద్ద, చేతిలో నాలుగు నిమిషాలు

2024 నవంబరులో సికింద్రాబాద్‌లోని ఒక బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ ఆరో తరగతి పిల్లవాడు ఒకేసారి మూడు నాలుగు పూరీలు నోట్లో కుక్కుకున్నాడు. ఊపిరాడక కుప్పకూలాడు, బతకలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2022 నవంబరులో, వరంగల్‌లో ఎనిమిదేళ్ల బాబుకు బడిలోనే గొంతులో చాక్లెట్ ఇరుక్కుని ప్రాణం పోయింది. ఆ వార్తలు చదివినప్పటి నుంచి హోటల్లో కూర్చున్న ప్రతిసారీ నా చూపు పక్క టేబుళ్ల మీదికి పోతుంది. బడిలో పిల్లలు తినేది ఒక పూటే. హోటల్లో పొద్దున టిఫిన్ నుంచి రాత్రి బిర్యానీ దాకా జరిగేదంతా తినడమే.

కొల్లాపూర్ సంగతి తీసుకుందాం. సోమశిలకు వచ్చినవాళ్లు కృష్ణ చేపలు తినకుండా తిరిగిపోరు. సంక్రాంతి తర్వాత సింగోటం జాతర రోజుల్లో హోటళ్లలో నిలబడి తినేవాళ్లూ ఉంటారు. పెద్ద దవాఖాన కావాలంటే నాగర్‌కర్నూల్ పోవాలి, ఎంత తొందరపడ్డా గంటకు దగ్గర ప్రయాణం. 108కు ఫోన్ చేస్తే బండి పట్టణంలోనే ఉన్నా, వీధిలోని జనాన్ని దాటుకుని హోటల్ ముందు ఆగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గాలి పూర్తిగా ఆగిపోయిన మనిషికి నాలుగు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంటే ఆ మనిషిని బతికించగలిగేది డాక్టరు కాదు, ఆ పూట అక్కడ ఇడ్లీ ప్లేట్లు మోస్తున్న సర్వరే. నేను ఈ వారం ముందుగా చెప్పదలచుకున్నది ఈ మాట గురించే.

గొంతుకు అడ్డం పడటం రెండు రకాలు. మొదటిది అందరికీ తెలిసిందే: పొలమారి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మొహం ఎర్రబడుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ పక్కవాళ్లు నెత్తి మీద తడతారు. ఈ మనిషికి గాలి ఆడుతోంది. గట్టిగా దగ్గగలుగుతున్నంత సేపు అతన్ని దగ్గనివ్వాలి, పక్కనే ఉండాలి, అంతే. ఆ దగ్గు చేసే పని మనం ఏం చేసినా చేయలేం.

రెండో రకంలో చప్పుడే ఉండదు. అందుకే దాన్ని ఎవరూ గమనించరు. ముద్ద శ్వాసనాళం మూతికి పూర్తిగా అడ్డం పడితే గాలి కదలదు, గాలి కదలకపోతే దగ్గూ రాదు, మాటా రాదు. మనిషి రెండు చేతులతో గొంతు పట్టుకుంటాడు, కళ్లు పెద్దవవుతాయి, పెదవులు నీలం తిరుగుతాయి. చాలామంది నలుగురిలో సిగ్గుపడి లేచి చేతులు కడుక్కునే వైపుకో, బాత్రూమ్‌కో నడుస్తారు. అక్కడ ఒంటరిగా పడిపోతారు. తింటూ తింటూ గొంతు పట్టుకుని ఎవరైనా లేస్తే సర్వర్ వెంట పోవాల్సిందే.

1963లో హాగెన్ అనే అమెరికా వైద్యుడు హోటళ్లలో తింటూ హఠాత్తుగా చనిపోయిన తొమ్మిది మంది గురించి రాశాడు. చూసినవాళ్లు గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో గొంతులో మాంసం ముక్కలు దొరికాయి. మందు తాగి ఉండటం, కట్టుడు పళ్లు, పెద్ద ముక్క నమలకుండా మింగడం ఇలాంటి చావులకు దారితీసే కారణాలని అప్పుడే తేలింది. మన ఊళ్లలో రాత్రి తొమ్మిది తర్వాత దాబాల్లో కూర్చునేవాళ్లలో ఈ మూడూ ఒకే మనిషిలో కలిసే అవకాశం ఎక్కువ. తూలి పడినవాణ్ని చూసి తాగి పడ్డాడులే అని మొహాన నీళ్లు కొట్టి వదిలేస్తే ఆ నాలుగు నిమిషాలూ అయిపోతాయి. పడకముందు మాంసం నములుతున్నాడా, మధ్యలో మాట ఆగిపోయిందా అని పక్కనున్నవాణ్ని అడగాలి.

ఇప్పుడు ఒక టేబుల్‌ను ఊహించుకుందాం. నడివయసు మనిషి, మటన్ బిర్యానీ, ఒక్కసారి మాట ఆగింది, చేతులు గొంతు మీదికి పోయాయి. సర్వర్ దగ్గరికి వచ్చి, "గొంతులో ఇరుక్కుందా అన్నా? మాట వస్తుందా?" అని అడగాలి. మాట రాక తల మాత్రమే ఊపితే ఇక ఆగకూడదు. మన చేతులు అలవాటుగా నీళ్ల గ్లాసు మీదికి పోతాయి. ఆ గ్లాసు ఇవ్వొద్దు. దారి మూసుకున్నప్పుడు నీళ్లు పోవడానికి చోటుండదు, పైనే నిలబడి ఇంకో అడ్డమవుతాయి. నోట్లో వేలు పెట్టి కెలకడం అంతకన్నా ప్రమాదం, కనపడని ముక్క ఇంకా లోపలికి దిగుతుంది.

సర్వర్ అతని పక్కగా, కొంచెం వెనగ్గా నిలబడి ఒక చేత్తో ఛాతీకి ఆనించి నడుము దగ్గర ముందుకు వంచాలి. వంచకుండా కొడితే ముక్క కిందికే జారుతుంది. రెండో చేతి మడిమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, రెండు రెక్క ఎముకల మధ్య గట్టిగా ఐదు దెబ్బలు కొట్టాలి. నిమిరినట్టు కాదు, బలంగా. ప్రతి దెబ్బకూ ముక్క ఊడిందా అని చూడాలి. ఊడకపోతే వెనక్కి పోయి, చేతులు నడుము చుట్టూ తిప్పి, పిడికిలి బొడ్డుకు కొంచెం పైన, రొమ్ము ఎముకకు కింద ఉంచి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ ఒక్కసారిగా లాగాలి. అలా ఐదుసార్లు. మళ్లీ వీపు మీద ఐదు, మళ్లీ పొట్ట మీద ఐదు.

ఈ పొట్ట నొక్కే పద్ధతిని 1974లో హెన్రీ హైమ్లిచ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఊపిరి తీయలేని మనిషికైనా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది. ప్లాస్టిక్ సీసాను గట్టిగా నొక్కితే మూత ఎగిరిపడ్డట్టు, పొట్టను నొక్కినప్పుడు ఆ గాలి ముక్కను బయటికి తోస్తుంది. నిండు గర్భిణికీ, చేతులు చుట్టూ అందనంత లావుగా ఉన్నవాళ్లకూ పొట్ట కాకుండా ఛాతీ మధ్యలో నొక్కాలి. ఏడాది నిండని పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పెట్టి వీపు మీద ఐదు, తిప్పి ఛాతీ మధ్యలో ఐదు.

మనిషి స్పృహ తప్పితే నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు రెండంగుళాల లోతు, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై. ముప్పై నొక్కుల తర్వాత నోరు తెరిచి చూడాలి. ముక్క కనిపిస్తేనే తీయాలి. ముక్క ఊడి మనిషి కోలుకున్నా, పొట్ట నొక్కించుకున్నవాణ్ని దవాఖానలో చూపించాలి, లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు.

సోమశిల చేప తిన్నవాళ్ల విషయం వేరు. ముల్లు గుచ్చుకున్న మనిషి మాట్లాడతాడు, గాలి ఆడుతుంది, మింగితే నొప్పి. ఇక్కడ వీపు మీద కొట్టడం అనవసరం. ఓనర్లు వెంటనే "ఉత్త అన్నం ముద్ద మింగు సారూ, పోతది" అంటారు. చిన్న ముల్లయితే ఒక్కోసారి పోతుంది, కానీ గట్టి ముల్లు ఆ ముద్ద తోపుకు ఇంకా లోతుగా దిగి అన్నవాహికను చీల్చవచ్చు. తినడం ఆపించి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పంపాలి. ఛాతీలో నొప్పి, జ్వరం, రక్తం పడటం ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు.

ఇదంతా నేర్పడానికి ఓనర్‌కు పట్టేది ఒక మధ్యాహ్నం. ఎవరు మనిషిని పట్టుకోవాలి, ఎవరు 108కు ఫోన్ చేసి హోటల్ పేరు, పక్క గుర్తు చెప్పాలి, ఎవరు రోడ్డు మీదికి పోయి బండికి దారి చూపాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరూ ఫోన్ చేయరు. సాధన చేసేటప్పుడు వీపు దెబ్బలు, పొట్ట నొక్కులు పూర్తి బలంతో వేయకూడదు, చేతులు పెట్టే చోటు తెలిస్తే చాలు. గిరాకీ ఒంటి మీద చేయి వేస్తే కేసవుతుందేమోనన్న భయం సర్వర్లలో ఉంటుంది. ఒప్పుకోలు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి మేలు కోసం మంచి మనసుతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఈ మాట ఓనర్ నోటితో వాళ్లకు చెప్పాలి.

టేబుళ్ల దగ్గరి సంగతి ఇది. ఇక వంటింట్లో ఒళ్లు కాలితే ముందుగా గుర్తుకు రావాల్సింది నీళ్లు. సాంబారు ఒలికినా, కాగే నూనె చిందినా, కాలిన చోట చల్లటి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పారాలి. సన్నటి ధారకే నిమిషానికి రెండు మూడు లీటర్లనుకున్నా నలభై నుంచి అరవై లీటర్లు కావాలి. పాలమూరు వైపు మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేతికి తగిలితేనే చురుక్కుమంటాయి, అవి కాలిన చర్మం మీద పోయకూడదు. వంటగది మూలన, ఎండ తగలని చోట మూత పెట్టిన డ్రమ్ము ఒకటి ఇందుకోసమే నింపి ఉంచాలి. లేదంటే ఇరవై లీటర్ల తాగునీటి క్యాన్లు రెండు మూడు ఎప్పుడూ చేతికందే చోట ఉండాలి. ఐసు పెట్టొద్దు, చర్మం ఇంకా పాడవుతుంది. పేస్టు, పసుపు, సిరా, కాఫీ పొడి ఏదీ పూయొద్దు, దవాఖానలో దాన్ని కడిగేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి. గాజులు, ఉంగరం వాపు రాకముందే తీయాలి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగకూడదు. నీళ్ల తర్వాత పార్సిళ్లకు వాడే పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ను, పై చుట్టు తీసేసి, వదులుగా పరిస్తే అదే మంచి కట్టు. మొహం, చేతులు, కీళ్లు కాలినా, కాలిన మేర మనిషి అరచేయి కన్నా పెద్దదైనా, పిల్లలకు ఎంత కాలినా దవాఖానే.

ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు, కోడి కొట్టేటప్పుడు వేలు తెగితే శుభ్రమైన బట్ట పెట్టి పది నిమిషాలు ఆపకుండా నొక్కాలి. మధ్యలో ఎత్తి చూస్తే అప్పుడే కట్టుకున్న రక్తం గడ్డ ఊడివస్తుంది. బట్ట తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకోటి వేయాలి. వేలి కొన తెగి పడితే దాన్ని తడి బట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు మీద ఉంచి మనిషితో పాటే పంపాలి. ముక్క నేరుగా ఐసుకు తగిలితే కుట్టినా అతుక్కోదు. గాయానికి నీళ్లు చొరని కట్టు, దాని మీద గ్లవ్ లేకుండా ఆ మనిషి మళ్లీ కత్తి పట్టకూడదు. రక్తం పడ్డ కూరగాయలన్నీ పారేయాలి.

ఇలాంటి గాయాలకు కావాల్సిన మందుల డబ్బా చాలా హోటళ్లలో గల్లా కింద తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఓనర్ జేబులో, ఓనర్ ఇంట్లో. రాత్రి పదకొండుకు పెనం దగ్గరున్న కుర్రాడికి ఆ డబ్బా చేతికందదు. దాన్ని వంటింటి గోడకు, తాళం లేకుండా, పొయ్యికి దూరంగా బిగించి, లోపల గాజ్ గుడ్డ, బ్యాండేజీలు, నీళ్లు చొరని పట్టీలు, కత్తెర, గ్లవ్స్ ఉంచితే చాలు. కూరలో రాలితే కనపడేలా వంటింటి పట్టీలు నీలం రంగువే తెప్పించుకోవాలి.