చెడ్డవాడిగా కనిపించడం దయ కాదు

మంచి మనిషిని విడిచి వెళ్లాల్సి వస్తే, మనమీద అసహ్యం పుట్టించి వెళ్లడమే మేలని చాలామంది నమ్ముతారు. అసహ్యం కలిగితే త్వరగా మరచిపోతారని వాళ్ల వాదన. మన సినిమాల్లో దీనికి త్యాగమని పేరు. నాకైతే ఇది ఎదుటి మనిషికి నిజాన్ని తట్టుకునే శక్తి లేదని మనమే తీర్పు చెప్పేయడం.

డెన్మార్క్ తత్వవేత్త సోరెన్ కియర్కెగార్డ్ 1840 సెప్టెంబరులో రెగీనే ఓల్సెన్‌తో పెళ్లి కుదుర్చుకున్నాడు. ఆమెలో ఏ లోపమూ లేదు. తనను వదలని దిగులుతో ఆమెను సుఖపెట్టలేనని అతడే అనుకున్నాడు. 1841 ఆగస్టు 11న ఉంగరం తిప్పి పంపుతూ, తనను క్షమించమని ఉత్తరం రాశాడు. అందులో ఆమెమీద నింద లేదు. ఆమె ఒప్పుకోక వేడుకుంటే, దగ్గర కూర్చుని కారణం విప్పి చెప్పాల్సింది. అతను అలా చెయ్యలేదు. రెండు నెలలపాటు మనసులేని మోసగాడిలా నటించాడు. ఇక పెళ్లే చేసుకోవా అని ఆమె అడిగితే, పదేళ్లు సరదాలు తీరాక ఒక పడుచుపిల్లను చూసుకుంటానన్న ధోరణిలో బదులిచ్చాడు. అక్టోబరులో తెంచుకుని బెర్లిన్ వెళ్లిపోయాడు.

దీనివల్ల ఏం ఒరిగింది? రెగీనే 1847లో వేరొకరిని పెళ్లాడింది. 1849లో అతను ఆమె భర్త ద్వారా పంపిన ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. అప్పుడు చెప్పకుండా దాచిన కారణాన్ని అతను ఆ తర్వాత పుస్తకాల్లో, డైరీల్లో రాస్తూనే ఉన్నాడు.

మన దగ్గర ఇలా అసలు కారణాన్ని దాచే పని “ఇంట్లో ఒప్పుకోలేదు” అన్న మాట చేస్తుంది. మెత్తగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని మర్యాద అనుకుంటాం. కానీ అది విన్న అమ్మాయి మీ అమ్మను ఒప్పించే దారులు వెతుకుతుంది, లేదా తన కులాన్నో రంగునో తిట్టుకుంటుంది.

నిజం రాస్తే ఇలా ఉంటుంది: “నీకు పిల్లలు కావాలని మొదట్లోనే చెప్పావు. నాకు వద్దు. ఎప్పటికైనా నా మనసు మారుతుందేమోనని ఎదురుచూశాను, మారలేదు. నువ్వు నన్ను బాగా చూసుకున్నావు. నీ కోరికలో తప్పు లేదు. మనం ఇక కలిసి ఉండలేం.” ఇందులో కారణం ఒక్కటే, అది ఇద్దరికీ తెలిసినదే. ఆలస్యం తనవల్లే జరిగిందని రాసినవాడు ఒప్పుకున్నాడు. “నీకు నాకంటే మంచివాడు దొరుకుతాడు” లాంటి ఓదార్పు రాయలేదు, ఎందుకంటే అది అతనికి తెలియని సంగతి. “ప్రస్తుతానికి” అన్న మాట కూడా పెట్టలేదు. ఆ ఒక్క మాట ఉంటే ఆమె ఏళ్లతరబడి ఎదురుచూస్తుంది.

ఇది చదివిన రోజు ఆమెకు ఎక్కువ బాధే కలుగుతుంది, కాదనను. కానీ దేనికి ఏడుస్తున్నదో ఆమెకు తెలుస్తుంది. ఆమె అడగాలనుకుంటే ఒకసారి ఎదురుగా కూర్చుని అన్నిటికీ జవాబు చెప్పాలి. ఆ తర్వాత అర్ధరాత్రి “ఎలా ఉన్నావు” అని మెసేజ్ పెట్టకూడదు.