గృహ భద్రత: కిటికీ పక్కన కందిరీగల గూడు

వానలు మొదలైన తరువాత క్వార్టర్ల సన్‌షేడ్ల కింద, బాత్‌రూం వెంటిలేటర్లలో, వాడకుండా వదిలిన కూలర్ల వెనుక కందిరీగల గూళ్లు కనబడడం మనకు కొత్త కాదు. గూడు కంటబడగానే చాలామంది కర్రో, కిరోసిన్ గుడ్డో అందుకుంటారు. దానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. అది ఎటువంటి గూడో దూరం నుంచి చూసి తెలుసుకోవాలి.

గూడు మట్టితో కట్టినదైతే భయపడనక్కరలేదు. అది కుమ్మరి పురుగుది. ఆ పురుగు ఒంటరిగా జీవిస్తుంది. పిల్లకు ఆహారంగా గొంగళిపురుగులనో సాలీళ్లనో లోపల పెట్టి, మూత వేసి వెళ్లిపోతుంది. గూటికి కాపలా కాయదు కనుక, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. మట్టికి గుండ్రని రంధ్రం పడి ఉంటే పిల్ల ఎగిరిపోయినట్లే. అప్పుడు గీకివేయవచ్చు.

బూడిదరంగు కాగితం వంటి పదార్థంతో, చిన్న కాడకు వేలాడుతూ, గదులు బయటకు కనిపించే గూడు రెండవ రకం. ఇవి గుంపుగా ఉండే కందిరీగలు. వాటిని కదిలించకపోతే అవి మన జోలికి రావు, పైగా పెరటి మొక్కలను తినే పురుగులను ఏరివేస్తాయి. గూడు మనుషులు మసలే చోటికి దూరంగా ఉంటే వదిలివేయడమే మేలు. రోజూ తెరిచే కిటికీ రెక్కకు ఆనుకొని ఉన్నా, ఇంట్లో పసిపిల్లలు గాని, గతంలో కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవారు గాని ఉన్నా తీయించక తప్పదు.

మూడవది పూర్తిగా మూసి ఉన్న బంతి వంటి గూడు. గోధుమరంగు చారలతో, రాకపోకలకు ఒకే రంధ్రంతో ఉంటుంది. ఇది హార్నెట్ అనే పెద్ద కందిరీగది. ఇటువంటి గూడు కిటికీ దగ్గర ఉంటే స్వయంగా తాకరాదు. నిపుణులనే పిలవాలి.

ఈ విషయం మా వరుసలోని ఒక కుటుంబానికి ఆలస్యంగా తెలిసింది. వంటగది సన్‌షేడ్ కింద కొబ్బరికాయంత గూడు ఉండేది. ఆ ఇంటికి వచ్చిన బంధువు ఒకరు కర్రకు గుడ్డ చుట్టి, నిప్పంటించి పొడిచారు. గూడు సగం విరిగి పడింది. దెబ్బతిన్న ఈగ వదిలే వాసన మిగిలినవాటికి పిలుపు వంటిది. క్షణాలలో ఇరవై దాకా కుట్టాయి. ఆయన సున్నం రాసుకొని పడుకున్నారు. నొప్పి తగ్గింది గాని, రెండవ రోజున మూత్రం తగ్గి, నల్లటి టీ డికాక్షన్ రంగులో వచ్చింది. విషం వలన కండరాలు, రక్తకణాలు దెబ్బతిని, ఆ ప్రభావం మూత్రపిండాలపై పడింది. కొన్నిసార్లు డయాలిసిస్ చేసిన తరువాత కోలుకున్నారు.

గూడు చూసిననాడే ఆ కిటికీని చప్పుడు లేకుండా మూసి, పిల్లలను అటు పోనివ్వకుండా, మెయింటెనెన్స్ విభాగానికి తెలిపి ఉంటే సరిపోయేది. పెస్ట్ కంట్రోల్ వారు రక్షణ దుస్తులు ధరించి, ఈగలన్నీ గూటికి చేరిన తరువాత, చీకటిపడ్డాక పని చేస్తారు. వారు వచ్చే వరకు ఆ గోడకు డ్రిల్లింగ్ చేయడం, కిటికీ రెక్కను విసురుగా వేయడం కూడదు. అదురు తగిలితే దాడిగా భావించి అవి బయటకు వస్తాయి.

కుడితే మొదట ఆ చోటు వదిలి ఇంట్లోకో, దూరంగానో వెళ్లాలి. కందిరీగ సాధారణంగా ముల్లు వదలదు. తేనెటీగ కుట్టి ముల్లు మిగిలితే ఆలస్యం చేయకుండా తీసివేయాలి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీయాలి. సబ్బునీటితో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్కను పది నిమిషాలు ఉంచాలి. సున్నం, కిరోసిన్, పేస్టు రాయవద్దు. వాపు రెండు రోజుల వరకు పెరగడం సహజమే.

ఊపిరాడకపోవడం, పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే అది ప్రాణాపాయ సూచన. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఈ స్థితిలో అసలైన మందు తొడ కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి. లేచి నడవనీయరాదు.

నోటిలో గాని గొంతులో గాని కుట్టినా, పది కంటే ఎక్కువ చోట్ల కుట్టినా, పిల్లలకైతే అంతకంటే తక్కువైనా, బాగానే ఉన్నట్లు అనిపించినప్పటికీ ఆసుపత్రికి వెళ్లాలి. తరువాతి మూడు రోజులు మూత్రం రంగును, పరిమాణాన్ని గమనించాలి. మా పొరుగువారి బంధువు ఆ మొదటి రోజునే ఆసుపత్రికి వెళ్లి ఉంటే, మూత్రపిండాలపై ప్రభావాన్ని వైద్యులు ముందుగానే పసిగట్టి ఉండేవారు.