మూడు అభిప్రాయాలూ ‘అభ్యంతరమే’నా?

సంపాదకుల వారికి,

గత ఆదివారం వ్యాపార పేజీలో మూడు కంపెనీల వార్షిక నివేదికల గురించి మీరు ఒకే మాట వేశారు: ‘ఆడిటర్ల అభ్యంతరం’. వాటిలో ఒకటి క్వాలిఫైడ్, ఒకటి అడ్వర్స్, మరొకటి డిస్‌క్లెయిమర్. జ్వరానికీ పక్షవాతానికీ కలిపి ‘నలత’ అని రాస్తే రోగికేం తెలుస్తుంది?

కొంపల్లిలో ఉంటున్న ఈ పాఠకుడికి ఆ తేడా అనుభవంలోకి వచ్చింది. ఆయన ఉండే అపార్ట్‌మెంట్ సంఘం ఒక ఏడాది 61 లక్షలు ఖర్చు చూపింది. పెయింటింగుకూ నీళ్ల ట్యాంకర్లకూ అయిన 23 లక్షలకు బిల్లుల్లేవు. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు బ్యాంకు ధ్రువీకరణా ఇవ్వలేదు. తగిన ఆధారాలు అందలేదు కాబట్టి అభిప్రాయం వ్యక్తం చేయడం లేదని ఆడిటరు రాశాడు. అది డిస్‌క్లెయిమర్. సభలో కోశాధికారి లేచి, ‘ఆడిటర్ ఏ తప్పూ చూపలేదు’ అన్నాడు. చప్పట్లు మోగాయి. కాగితం పట్టుకుని లేచిన ఈ పాఠకుడికి దక్కిన జవాబు, ‘పెద్దాయనా, కూర్చోండి’. తప్పు కనబడకపోవడం వేరు, చూడనివ్వకపోవడం వేరు!

అదే ఆడిటరుకు మిగతా బిల్లులన్నీ ఇచ్చి, బ్యాంకు కాగితమూ ఇచ్చి, ట్యాంకర్ల బిల్లులు కొన్ని మాత్రం దొరక్కపోతే ‘అది తప్ప మిగతా లెక్కలు సరే’ అనేవాడు. అది క్వాలిఫైడ్. లోపం పెద్దదే, కానీ ఒకచోటే ఆగింది. ఆ ఒక్కచోటును విడిగా తూచి, మిగతా అంకెల్ని చదువుకోవచ్చు. ఆధారాలన్నీ చూశాక లెక్కలు మొత్తంగా తప్పుదారి పట్టిస్తున్నాయని తేలితే అడ్వర్స్. అప్పుడిక లాభం అంకెను పట్టుకుని షేరు ధర లెక్కించడం దండగ.

  

క్లీన్ అభిప్రాయమూ గ్యారంటీ కాదని హైదరాబాదువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబరు 30 నాటికి చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. అంతకుముందు వార్షిక లెక్కలకు ప్రైస్ వాటర్‌హౌస్ క్లీన్ అభిప్రాయమే ఇచ్చింది. ఆ పాత నివేదికలపై ఇక ఆధారపడవద్దని ఆ సంస్థే జనవరి 13న చెప్పింది. క్లీన్ మాటకే అంత పరీక్ష కావాల్సినప్పుడు, ఆడిటరు తెగించి రాసిన మాటను మీరు కలగాపులగం చేయడం అన్యాయం.

ఇలాంటి అభిప్రాయం పక్కనే ‘అభిప్రాయానికి ఆధారం’ అనే పేరా ఉంటుంది. ఏ ఖాతాలో, లెక్కకట్టగలిగితే ఎంత మొత్తం, ఎందుకో అక్కడ రాసి ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం దానికి డైరెక్టర్లు తమ నివేదికలో సంజాయిషీ ఇవ్వాలి. ఇకపై ఈ వార్త వేసేటప్పుడు అభిప్రాయం పేరు, ఆ పేరాలోని మొత్తం, డైరెక్టర్ల జవాబు ఈ మూడూ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కొంపల్లి