ముందు మెడ చూడండి, తర్వాత నగల పెట్టె తెరవండి

మా గుడిలో శ్రీరామనవమి కల్యాణం రోజు ఆడపిల్లలను తయారు చేసే గదిలో నేను సాయం చేస్తాను. అక్కడ పెద్దవాళ్ళు ఒకటే మాట అంటారు: "సెట్టు కొన్నాం కదా, అన్నీ పెట్టు." నేనూ చాలా ఏళ్ళు అలాగే అన్నాను. అది తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. ఏ నగ పెట్టాలో జాకెట్టు మెడ చెబుతుంది.

ఈ ఏడాది పదిహేడేళ్ళ అమ్మాయి ఒకరు వచ్చింది. పట్టుచీర, బోట్ నెక్ జాకెట్టు. అంటే గొంతు దగ్గరి ఎముక దాకా మూసి, ఒక భుజం నుంచి ఇంకో భుజానికి అడ్డంగా వెళ్ళే మెడ. దాని మీద నెక్లెస్, భుజాలకు తగిలే బుట్ట కమ్మలు, పాపిడి బిళ్ళ, పెద్ద బొట్టు. జుట్టు మెడ మీద పడేలా కిందికి ముడి వేశారు.

అద్దంలో చూసుకుని, "ఆంటీ, నా మొహమే కనిపించడం లేదు. బొట్టు తీసేయనా?" అంది.

పిల్లలు ముందు తీసేది బొట్టే. కానీ తప్పు బొట్టుది కాదు. గడ్డానికీ జాకెట్టుకీ మధ్య ఖాళీ లేదు. తన మెడ పొట్టిది. ఉన్న కాస్త చోటునీ కమ్మలు, ముడి నింపేశాయి.

మొదట నెక్లెస్ తీశాం. మూసిన మెడకు జాకెట్టు అంచే నగ. తర్వాత దవడ దగ్గరే ఆగే చిన్న బుట్టలు పెట్టాం. ముడిని పైకి జరిపి, మల్లెపూలు చెవుల వెనక కొంచెం కనిపించేలా చుట్టాం. పాపిడి బిళ్ళ బొట్టును తాకుతోంది. బిళ్ళను ఒక వేలెడు పైకి లాగి, బొట్టును కనుబొమల మధ్యకు దించి, కందిగింజంత పెట్టాం. ఇప్పుడు చూపు నేరుగా కళ్ళ మీదికి వెళ్ళింది.

జాకెట్టు మెడ లోతుగా ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కింద ఖాళీ ఎక్కువ. నెక్లెస్ వేసి, చెవులకు దుద్దులు చాలు. మెడ పొడవైన వాళ్ళకు మాత్రం బోట్ నెక్ మీద కూడా పొడుగు బుట్టలు బాగుంటాయి. అవి బరువైతే మాటీలు, అంటే చెవి నుంచి జుట్టుకు తగిలించే గొలుసులు, పెట్టండి. లేకపోతే చెవి రంధ్రం సాగుతుంది.

కూచిపూడి నాట్యానికి ఈ మాట వర్తించదు. వేదిక మీద మొహం దూరానికి కనిపించాలి, అక్కడ నగలన్నీ కావాలి.

సందేహం ఉంటే రెండు గజాల దూరం నుంచి ఫోటో తీయించుకోండి. మీ చూపు ముందు కమ్మల మీద పడితే, కమ్మలు మార్చండి. బొట్టు జోలికి వెళ్ళకండి.